కాలు విరిగితే ఏ పాలసీ ఎంత ఇస్తుంది? మా రూమ్మేట్ బిల్లుతో లెక్క

పోయిన ఎపిసోడ్ కింద ఒక కామెంట్ వచ్చింది. "అన్నా, నాకు కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, మళ్లీ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఎందుకు? రెండూ యాక్సిడెంట్ అయితే డబ్బులిచ్చేవే కదా?" అని. దీనికి రెండు లైన్లలో రిప్లై ఇవ్వొచ్చు. కానీ ఇవ్వలేదు. ఎందుకంటే రెండేళ్ల క్రితం నన్ను ఎవరైనా ఇదే అడిగితే నేను కూడా "అవును, రెండూ ఒకటే" అనేవాణ్ణి. కాదని నాకు మా రూమ్మేట్ కాలు చెప్పింది.

వాడి పేరు చెప్పను, మావాడు అనే అంటాను. పర్మిషన్ అడిగాను. "నా పేరు వద్దు, బిల్లు మాత్రం చూపించుకో" అన్నాడు. నేను కంప్యూటర్స్, వాడు సివిల్, ఒకటే కాలేజీ. హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజినీర్. జీతం నెలకు 45,000. పనికి వస్తే జీతం, రాకపోతే లేదు. పీఎఫ్ ఉంది, కానీ నెలల తరబడి జీతంతో లీవ్ ఇచ్చే రకం ఉద్యోగం కాదు.

2024 ఆగస్టులో ఒక రాత్రి సైట్ నుంచి బైక్ మీద వస్తున్నాడు. వర్షం ఆగి ఓ పావుగంట అయ్యింది. ముందు వెళ్తున్న కారు ఇండికేటర్ లేకుండా యూటర్న్ తీసుకుంది. మావాడి ఎడమ కాలు బైక్‌కీ బంపర్‌కీ మధ్య పడింది. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి, ఒకటి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేం కాలేదు.

నాకు ఫోన్ వచ్చింది రాత్రి పదకొండింటికి. నేను వెళ్లేసరికి హాస్పిటల్ అడ్మిషన్ డెస్క్ దగ్గర ఒకాయన ఫారం పెట్టి, "సార్, షేరింగ్ రూమ్ 5,000, సింగిల్ రూమ్ 8,000, ఏది రాయమంటారు?" అన్నాడు. లోపల మావాడు అరుస్తున్నాడు. ఖమ్మం నుంచి వాళ్ల అమ్మ బయల్దేరింది, ఆమె కూడా ఉండాలి కదా అనుకున్నాను. "సింగిలే రాయండి, ఇన్సూరెన్స్ ఉంది" అన్నాను. సంతకం పెట్టింది నేనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఖరీదు తర్వాత చెప్తాను.

ఇప్పుడు మావాడి దగ్గర ఏమేం ఉన్నాయో చూద్దాం. ఒకటి, 5 లక్షల హెల్త్ పాలసీ. సొంతంగా కొన్నది. రెండు, 50 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. ఇది ఫోన్‌లోనే కొన్నాడు. 50 లక్షలు అన్న నంబర్ చూసి అప్పట్లో రూమ్‌లో మేమందరం "అబ్బో" అన్నాం. మూడు, బ్యాంక్ ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. నాలుగు, బైక్ ఇన్సూరెన్స్‌లో ఓనర్ డ్రైవర్‌కి ఉండే 15 లక్షల తప్పనిసరి ప్రమాద బీమా. పేపర్ మీద కలిపితే 72 లక్షలు. ఇంత ఉన్న మనిషికి డబ్బు ఇబ్బంది ఏంటి అనిపిస్తుంది కదా?

ముందు హెల్త్ పాలసీ సంగతి. హెల్త్ పాలసీ చూసేది హాస్పిటల్ బిల్లుని. మీకు ఎంత నష్టం జరిగింది అని కాదు, మీకు వైద్యానికి ఎంత ఖర్చయింది అని. బిల్లు లేకపోతే రూపాయి రాదు. బిల్లు ఉన్నా అందులో పాలసీ ఒప్పుకున్న భాగం మాత్రమే వస్తుంది. ఒక మంచి విషయం, కొత్త పాలసీకి మొదటి 30 రోజులు ఉండే వెయిటింగ్ పీరియడ్ యాక్సిడెంట్‌కి వర్తించదు. పాలసీ మొదలైన మర్నాడు పడినా కవర్ ఉంటుంది.

మావాడు 11 రోజులు ఉన్నాడు, అందులో 2 రోజులు ఐసీయూ. రెండు ఆపరేషన్లు. మొదటిది, గాయం శుభ్రం చేసి, కాలికి బయటి నుంచి రాడ్లతో ఒక ఫ్రేమ్ బిగించారు. గాయం కుదుటపడ్డాక రెండోది, ఫ్రేమ్ తీసేసి ఎముక లోపల రాడ్ వేశారు. మొత్తం బిల్లు 4,60,000. పాలసీ 5 లక్షలు. కాబట్టి మొత్తం వచ్చేస్తుందని నేను ధీమాగా ఉన్నాను. వచ్చింది 3,50,000.

మిగతా 1,10,000 ఎక్కడికి పోయింది? ఇందులో 20,000 గ్లోవ్స్, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి. ఇవి మావాడి పాలసీలో లేవు. దీనికి యాడ్ ఆన్ దొరుకుతుంది, వాడు తీసుకోలేదు. సరే, అది చిన్నది. మిగిలిన 90,000 నా సంతకం.

ఎలాగంటే, ఆ పాలసీలో రూమ్ అద్దెకి రోజుకి పాలసీ మొత్తంలో 1 శాతం పరిమితి ఉంది. అంటే 5,000. నేను తీసుకున్న రూమ్ 8,000. నేను ఏమనుకున్నానంటే, రోజుకి 3,000 తేడా, 9 రోజులకి 27,000, అంతే కదా, కట్టేద్దాం అని. అలా కాదు. చాలా హాస్పిటల్స్‌లో రూమ్ పెద్దదయ్యేకొద్దీ డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీ, నర్సింగ్ చార్జీ అన్నీ పెరుగుతాయి. కాబట్టి కంపెనీ రూమ్ ఎంత నిష్పత్తిలో దాటిందో ఇవన్నీ అదే నిష్పత్తిలో కోస్తుంది. 8,000లో 5,000 అంటే 62.5 శాతం. రూమ్ బిల్లు 72,000 అయితే 45,000 ఇచ్చారు. సర్జన్, అనస్థీషియా, థియేటర్, నర్సింగ్ కలిపి 1,68,000 అయితే 1,05,000 ఇచ్చారు. అక్కడ 27,000, ఇక్కడ 63,000. కలిపితే 90,000.

ఇందులో ఒక ఊరట ఉంది. మందులు, లోపల వేసిన రాడ్డు, ఎక్స్‌రే, స్కానింగ్, ఐసీయూ చార్జీలకి ఈ కోత పెట్టకూడదు. ఇది ఐఆర్‌డీఏఐ రూల్. మావాడి బిల్లులో ఇవి 2,00,000. పూర్తిగా ఇచ్చారు. మీకు క్లెయిమ్ సెటిల్ అయినప్పుడు కంపెనీ ఒక లెక్క పంపుతుంది, దేనికి ఎంత కోశారో అందులో ఉంటుంది. రాడ్డు మీదో మందుల మీదో ఈ రూమ్ కోత కనిపిస్తే ఊరుకోకండి, మెయిల్ పెట్టండి. అలాగే హాస్పిటల్‌లో రూమ్‌ని బట్టి డాక్టర్ ఫీజు మారకపోతే, అందరికీ ఒకటే రేటు అయితే, అప్పుడు కూడా ఈ కోత కుదరదు.

డిశ్చార్జ్ తర్వాత కూడా హెల్త్ పాలసీ కొన్నాళ్లు తోడుంటుంది. మావాడి పాలసీలో 60 రోజులు. ఆ 60 రోజుల్లో డ్రెస్సింగులు, ఎక్స్‌రేలు, డాక్టర్ రాసిచ్చిన ఫిజియోథెరపీ కలిపి 18,000 అయ్యింది, బిల్లులు పంపితే వచ్చాయి. అరవై ఒకటో రోజు నుంచి ఫిజియో డబ్బులు సొంతం. విరిగిన కాలికి అసలు ఫిజియో మొదలయ్యేదే దాదాపు అప్పుడు! ఇంకో మూడు నెలలు నడిచింది, 24,000. వాకర్, కర్రలు కొన్నది కూడా సొంత డబ్బే.

ఇప్పుడు అసలు దెబ్బ. డాక్టర్ రెస్ట్ రాసింది మొత్తం 22 వారాలు. సైట్ ఇంజినీర్ అంటే స్లాబ్ ఎక్కాలి, దిగాలి. కాలు కింద పెట్టకూడదంటే ఉద్యోగం లేనట్టే. 5 నెలల జీతం, 2,25,000. రూమ్ అద్దె ఆగదు. బైక్ ఈఎంఐ ఆగదు, ఆ బైక్ స్టేషన్ బయట తుక్కుగా పడి ఉన్నా సరే. ఊళ్లో అమ్మ పొలం పనులు వదిలేసి వచ్చి కూర్చుంది. హెల్త్ పాలసీలో ఇంకా లక్షా ముప్పై వేల పైన మిగిలే ఉంది. ఆ డబ్బుతో అద్దె కట్టలేం. అక్టోబర్‌లో వాళ్లమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి.

అప్పుడు గుర్తొచ్చింది, 50 లక్షల పాలసీ ఉంది కదా! ఇద్దరం కూర్చుని క్లెయిమ్ పెట్టాం. మూడు వారాల తర్వాత వచ్చిన మెయిల్ సారాంశం ఒక్క ముక్క. చెల్లించాల్సిన మొత్తం సున్నా.

నాకు ఆరోజు భలే కోపం వచ్చింది. మోసం అనుకున్నాను. తర్వాత పాలసీ పేపర్ మొదటి నుంచి చివరిదాకా చదివాను, జీవితంలో మొదటిసారి. మోసం కాదు. వాళ్లు అమ్మింది అదే, మేం కొన్నదీ అదే.

పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ బిల్లుని చూడదు. మీకు హాస్పిటల్‌లో 4 లక్షలు అయిందా 40 వేలు అయిందా దానికి అనవసరం. ఒంట్లో శాశ్వతంగా ఏం పోయింది అని అడుగుతుంది. దాని దగ్గర ఒక పట్టిక ఉంటుంది. మనిషి చనిపోతే 100 శాతం. రెండు కళ్లు, లేదా రెండు చేతులు, లేదా రెండు కాళ్లు, లేదా ఒక కన్నూ ఒక కాలూ పోతే 100 శాతం. ఒక చెయ్యో, ఒక పాదమో, ఒక కన్నో పోతే మామూలుగా 50 శాతం. బొటనవేలు మొత్తం పోతే 25 శాతం, చూపుడు వేలు 10 శాతం, కాలి బొటనవేలు 5 శాతం, ఇలా కిందికి వెళ్తుంది. శాతాలు కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటాయి. పోవడం అంటే తెగిపోవడమే కాదు, పూర్తిగా పనిచేయకుండా పోయినా పోయినట్టే. కానీ అది మళ్లీ బాగయ్యేది కాకూడదు.

మావాడి కాలు విరిగింది, అతుక్కుంది. పట్టికలో అతుక్కున్న ఎముకకి గడి లేదు. అందుకే సున్నా.

ఇక్కడ ఒక్క నిమిషం తిరగేసి చూడండి. అదే రాత్రి, అదే కాలు, గాయానికి ఇన్ఫెక్షన్ ముదిరి మోకాలి కింద తీసేయాల్సి వచ్చి ఉంటే? హెల్త్ పాలసీ మళ్లీ బిల్లే చూసేది, ఇంకో లక్షో లక్షన్నరో ఇచ్చేది, ఇంటికి పంపేసేది. కాలు లేదు కాబట్టి ఎక్కువ ఇద్దాం అని అది అనుకోదు. యాక్సిడెంట్ పాలసీ మాత్రం 50 లక్షల్లో 50 శాతం, 25 లక్షలు, బ్యాంక్‌లో వేసేది. దేనికి ఖర్చు పెట్టావ్ అని అడగదు. కృత్రిమ కాలు కొనుక్కోవచ్చు, ఊళ్లో షాపు పెట్టుకోవచ్చు, అప్పు తీర్చుకోవచ్చు. మన వయసులో మన దగ్గర ఉన్న పెద్ద ఆస్తి వచ్చే ముప్పై ఏళ్ల జీతం. అది పోయినప్పుడు వచ్చే పాలసీ ఇది. కాబట్టి మావాడి 50 లక్షల పాలసీ చెత్త పాలసీ కాదు. వాడి గాయానికి సరిపోయే భాగం అందులో లేదు, అంతే.

ఆ భాగం పేరు టెంపరరీ టోటల్ డిసేబుల్‌మెంట్. కొన్నాళ్లపాటు పూర్తిగా పని చేయలేకపోవడం అన్నమాట. పాలసీ పేపర్లలో దీన్ని పొట్టిగా టీటీడీ అని రాస్తారు. తిరుమల కాదు! ఇది ఉంటే మీరు మంచం మీద ఉన్న ప్రతి వారానికీ కొంత డబ్బు ఇస్తారు, మామూలుగా 100 వారాల దాకా. చాలా పాలసీల్లో ఇది ఆప్షనల్. మావాడు కొన్నప్పుడు పేమెంట్‌కి ముందు స్క్రీన్‌లో ఒక టిక్ బాక్స్ ఉంది. టిక్ చేస్తే ప్రీమియం పెరిగింది, తీసేశాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. మేమిద్దరం ఆ పేరు అర్థం ఏంటో కూడా చూడలేదు.

టిక్ చేసి ఉంటే ఎంత వచ్చేది? ఇక్కడ కొంచెం నెమ్మదిగా వినండి, ఎందుకంటే టీటీడీ ఉంది అంటే సరిపోదు, ఎంత ఉంది అనేది చూడాలి. చాలా కంపెనీల సొంత పాలసీల్లో వారానికి కవర్‌లో 1 శాతం అని ఉంటుంది. టీటీడీ కవర్ 10 లక్షలు అనుకుందాం. వారానికి 10,000. మావాడికి 22 వారాలకి 2,20,000. పోయిన జీతం 2,25,000. దాదాపు సరిపోయేది. గాజులు ఇంట్లోనే ఉండేవి.

అదే ఐఆర్‌డీఏఐ డిజైన్ చేసిన సరళ్ సురక్షా బీమా తీసుకుంటే? ఇది 2021 ఏప్రిల్ నుంచి ఉంది, ఏ కంపెనీ అమ్మినా పాలసీ రూల్స్ ఒకటే, రెండున్నర లక్షల నుంచి కోటి దాకా తీసుకోవచ్చు. పోల్చుకోవడం తేలిక కాబట్టి నాకు అది ఇష్టమే. కానీ అందులో టీటీడీ ఆప్షన్ వారానికి 0.2 శాతం. 10 లక్షల మీద వారానికి 2,000. 22 వారాలకి 44,000. పేరు అదే, డబ్బు అయిదో వంతు.

"అయితే 50 లక్షల మీద 1 శాతం పెట్టుకుంటా, వారానికి 50,000 వస్తాయి, విరగ్గొట్టుకుని ఇంట్లో కూర్చుంటా" అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారని నాకు తెలుసు. అలా ఇవ్వరు. వారానికి ఇంత అని పైన సీలింగ్ ఉంటుంది, చాలాచోట్ల మీ అసలు వారపు ఆదాయం కంటే ఎక్కువ ఇవ్వరు. జీతం స్లిప్పులో, ఐటీ రిటర్నో అడుగుతారు. జీతం చేతికి క్యాష్‌గా తీసుకుని రిటర్న్ వేయని వాళ్లకి ఇక్కడే దెబ్బ పడుతుంది. కొన్ని పాలసీల్లో మొదటి వారం లెక్కలోకి రాదు.

ఇంకో గట్టి మెలిక ఉంది, ఇది మన లాప్‌టాప్ బ్యాచ్ కోసం. ఆ పేరులో టోటల్ అన్న మాట ఊరికే పెట్టలేదు. చాలా పాలసీల్లో ఏ రకమైన పనీ చేయలేని స్థితి అని రాసి ఉంటుంది. సైట్ ఇంజినీర్, డెలివరీ చేసేవాళ్లు, డ్రైవర్లు అయితే వాదన ఉండదు. కానీ కాలు విరిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దిండు ఆనుకుని కూర్చుని స్టాండప్ మీటింగ్‌కి లాగిన్ అయ్యాడంటే, ఆ రోజు నుంచి కంపెనీ "మీరు పని చేస్తున్నారు కదా" అనొచ్చు. తప్పు కూడా కాదు, జీతం వస్తోంది కదా. అందుకే కొనేముందు ఆ వాక్యం చదవండి. "ఏ పనీ" అని ఉందా, "తన ఉద్యోగం" అని ఉందా? రెండోది ఉంటే మీకు మేలు.

టీటీడీ క్లెయిమ్‌లో ఎక్కువగా చెడేది డాక్టర్ చీటీ దగ్గర. "రెస్ట్ అవసరం" అని ఉత్తినే రాస్తే పనికిరాదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పని చేయకూడదు అని ఉండాలి. డాక్టర్లు ఒకేసారి 22 వారాలు రాయరు, ఆరు వారాలు రాసి మళ్లీ రమ్మంటారు. ప్రతిసారీ కొత్త చీటీ తీసుకోవాలి, మధ్యలో ఖాళీ రాకూడదు. చివర్లో పనికి వెళ్లొచ్చు అని ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఆఫీస్ నుంచి ఈ తేదీల్లో జీతం ఇవ్వలేదు అని లెటర్. మావాడికి టీటీడీ లేకపోయినా ఇవన్నీ మేం దాచాం. కారు మీద నష్టపరిహారం కేసు ట్రిబ్యునల్‌లో నడుస్తోంది, అక్కడ పనికొచ్చాయి. అది వేరే కథ, ఇంకా అయిపోలేదు.

సరే, మిగతా రెండు పాలసీలు ఏమయ్యాయి? 20 రూపాయల సురక్షా బీమాలో చనిపోయినా, రెండు కళ్లో రెండు కాళ్లో పోయినా 2 లక్షలు. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే 1 లక్ష. విరిగి అతుక్కున్నదానికి ఏమీ లేదు, హాస్పిటల్ ఖర్చూ లేదు. 20 రూపాయలకి అంతకంటే ఏం అడుగుతాం? 18 నుంచి 70 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు తీసుకోవచ్చు, ఇంట్లో అమ్మానాన్నలకి కూడా పెట్టించండి. ఏటా జూన్ 1న కొత్త ఏడాది మొదలవుతుంది. ఆ టైమ్‌కి ఖాతాలో 20 రూపాయలు లేక పాలసీ పోయిన వాళ్లని నేను చూశాను.

బైక్ ఇన్సూరెన్స్‌లో ఉన్న 15 లక్షల సంగతి ఇంకా విచిత్రం. దాని పేరే ఓనర్ డ్రైవర్ కవర్. బండి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి, లైసెన్స్ ఉండి, బండి నడుపుతూ పడితేనే. ఆ బైక్ వాళ్ల నాన్న పేరు మీద ఉంది. మన ఇళ్లలో సగం బండ్లు అంతే కదా, లోన్ నాన్న పేరు మీద, తిరిగేది కొడుకు. మావాడి కాలు పోయి ఉన్నా, ఇంకా ఘోరం జరిగి ఉన్నా, ఆ 15 లక్షల్లో రూపాయి వచ్చేది కాదు. ఎందుకంటే పడింది ఓనర్ కాదు. ఈ ఎపిసోడ్ పాజ్ చేసి మీ ఆర్‌సీ మీద పేరు చూసుకోండి, నేను ఆగుతాను. మీ పేరు కాకపోతే, ఆ కవర్ మీకు లేనట్టే లెక్కేసుకుని విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ పెట్టుకోండి.

అంటే 72 లక్షల కాగితాల్లో మావాడికి వచ్చింది 3,68,000. మొత్తం హెల్త్ పాలసీ నుంచే.

ఇంకో కామెంట్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇందులో చాలామంది పొరబడుతున్నారు. ఒక తమ్ముడు రాశాడు. "అన్నా, నాకు యాక్సిడెంట్‌లో మోకాలు వంగట్లేదు. గవర్నమెంట్ మెడికల్ బోర్డ్ 40 శాతం వికలాంగత అని సర్టిఫికెట్ ఇచ్చింది. నాకు 20 లక్షల పాలసీ ఉంది. 8 లక్షలు రావాలి కదా?" అని. తమ్ముడూ, ఆ 40 శాతం, పాలసీ శాతం ఒకటి కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 40 శాతం అనేది రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకి పెట్టిన గీత. సర్టిఫికెట్‌లో కింద చూడు, చాలాసార్లు ఏ కాలికో ఏ చేతికో సంబంధించి ఇంత శాతం అని ఉంటుంది. పాలసీ మాత్రం తన పట్టికనే చూస్తుంది. పట్టికలో లేని శాశ్వత నష్టానికి, చాలా పాలసీల్లో డాక్టర్ అంచనా వేసిన శాతం ఇస్తాం అని ఒక లైన్ ఉంటుంది. నీ ఆశంతా ఆ లైన్ మీదే. నీ పాలసీలో ఉందో లేదో వెతుకు. ఉంటే, ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, ఇది ఇక బాగవదు, మొత్తం మనిషికి లెక్కేస్తే ఇంత శాతం అని స్పష్టంగా రాయించుకో. ఆ రాయించుకోవడం లేకుండా వట్టి 40 శాతం సర్టిఫికెట్ పెడితే కంపెనీ సున్నా అనో, రెండు మూడు శాతం అనో చేతులు దులుపుకోవచ్చు.

ఒప్పుకోకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాతపూర్వకంగా కంప్లయింట్ పెట్టు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, హైదరాబాద్‌లో ఆఫీస్ ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల లోపు గొడవలు చూస్తారు. కంపెనీ తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి, అది దాటనివ్వకు.

ఏ పాలసీ అయినా కుప్పకూలే చోటు ఒకటుంది, మందు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు తాగి ఉన్నప్పుడు జరిగినదాన్ని కవర్ చేయవు. హెల్త్ పాలసీలో కూడా ఇది పట్టుకుని గొడవ పెట్టుకోవచ్చు. ఇది తేలేది ఎక్కడ? రోడ్డు ప్రమాదం కేసు హాస్పిటల్‌కి రాగానే రాసే మెడికో లీగల్ రిపోర్ట్‌లో. మద్యం వాసన ఉంది అని డ్యూటీ డాక్టర్ రాస్తే అది అన్ని క్లెయిముల వెంట పడుతుంది. తాగకపోయినా రాశారనుకోండి, అప్పుడే, అక్కడే రక్త పరీక్ష అడగండి. రెండు రోజుల తర్వాత అడిగితే లాభం లేదు. ఎఫ్ఐఆర్ కాపీ, ఆ మెడికో లీగల్ రిపోర్ట్ కాపీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఈ మూడు ఫోటో తీసి డ్రైవ్‌లో పెట్టుకోండి. యాక్సిడెంట్ పాలసీ క్లెయిమ్‌కి వీటిని దాదాపు అందరూ అడుగుతారు.

మావాడికి జరిగినప్పుడు లేనిది ఇప్పుడు ఒకటి ఉంది. 2025 మే నుంచి కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకి క్యాష్‌లెస్ వైద్యం స్కీమ్ పెట్టింది. స్కీమ్‌లో ఉన్న హాస్పిటల్‌లో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, లక్షన్నర వరకు. పాలసీ ఉందా లేదా అని చూడరు. ఇదీ బిల్లు వైపు సాయమే, జీతం వైపు కాదు.

ఇప్పుడు మొదటి కామెంట్‌కి వస్తాను. రెండూ కొనే స్తోమత లేదు, ఒక్కటే అంటే? నేనైతే ముందు హెల్త్ పాలసీ అంటాను, రూమ్ అద్దె పరిమితి లేనిది. ఎందుకంటే హాస్పిటల్ వాళ్లు బిల్లు కట్టేదాకా కదలనివ్వరు, జీతం పోతే కనీసం అప్పు తెచ్చుకునే టైమ్ ఉంటుంది. కంపెనీ హెల్త్ కవర్ ఇప్పటికే ఉంటే మాత్రం వరస మారుతుంది. మీ తర్వాతి రూపాయి పర్సనల్ యాక్సిడెంట్ మీద పెట్టండి. మీ ఆదాయాన్ని బట్టే కవర్ ఇస్తారు, ఏడాది జీతానికి ఎన్నో రెట్లు ఇస్తారు కాబట్టి నంబర్ పెద్దగానే కనిపిస్తుంది. ఆ నంబర్ చూసి ఆగిపోకుండా టీటీడీ ఉందా, వారానికి ఎంత, ఎన్ని వారాలు, "ఏ పనీ" అని ఉందా, ఈ నాలుగూ చూశాక పే బటన్ నొక్కండి. పాలసీ పీడీఎఫ్ ఓపెన్ చేసి temporary total అని సెర్చ్ కొడితే ఆ పేజీ వచ్చేస్తుంది, రెండు నిమిషాల పని.

మావాడు 2025 జనవరిలో మళ్లీ సైట్‌కి వెళ్లాడు. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ ఎడమ కాలు జాగ్రత్తగా వేస్తాడు. రాడ్డు తీయించాలా వద్దా అనేది డాక్టర్ ఇంకా చెప్పలేదు. రెన్యూవల్ అప్పుడు ఆ టిక్ బాక్స్ వాడే పెట్టాడు. నేను ఆ 90,000 కొంచెం కొంచెంగా ఇస్తానంటే వద్దన్నాడు, ఏడు నెలలు రూమ్ అద్దెలో వాడి వాటా నేనే కట్టాను. వాళ్లమ్మ గాజులు పోయిన దసరాకి వెనక్కి వచ్చాయి.

మీ పాలసీలో రూమ్ పరిమితి ఎంతుందో, టీటీడీ వారానికి ఎంతుందో కామెంట్‌లో పెట్టండి. పాలసీ నంబర్ మాత్రం పెట్టకండి బాబూ, పోయినసారి ముగ్గురు పెట్టారు. ఉంటాను.